నలభై ఒకటో వరుస

"చిరంజీవి డిజైనర్ బాబుకి ఆశీస్సులతో రాయునది. మన రామాలయం దాతల బోర్డు బొమ్మలో నాలుగు చోట్ల పేర్లు మార్చాలి. పాతది ఎలా ఉందో తప్పుతో సహా అలాగే రాసి, దాని కింద కొత్తది రాశాను. పక్కన రసీదు నంబరు వేశాను. రసీదు లేకుండా ఎవరు చెప్పినా మార్చకు. రేపు నేనే ఫోన్ చేసి నోటిమాటగా చెప్పినా సరే, మార్చకు."

రూళ్ళ కాగితం, నీలం ఇంకు, రెండు పేజీలు. వెనక రసీదు పుస్తకం కౌంటర్‌ఫాయిల్స్ జిరాక్సులు పిన్ను కొట్టి ఉన్నాయి. ఆటోలో ఎవరితోనో పంపించారు. రాసినాయన రిటైరైన పోస్ట్‌మాన్, ఇప్పుడు గుడి కమిటీలో వలంటీరు. ఊళ్ళో అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు గానీ, ముప్ఫై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ చదివిపెట్టి, జవాబులు రాసిపెట్టినందుకు ఆ పేరొచ్చింది. ఆయన ఊరి పేరు, దాతల ఇంటిపేర్లు ఇక్కడ ఇవ్వను. విజయనగరం జిల్లా అని మాత్రం చెప్తాను.

నేను శని, ఆదివారాలు మా పెదనాన్న కొడుకు ఫ్లెక్సీ షాపులో కూర్చుంటాను. రెండేళ్ళలో పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, సంతాపాలు అన్నీ చేశాను. మార్పులు చెప్పేవాళ్ళు ఎలా చెప్తారో మీలో ఈ పని చేసేవాళ్ళకి తెలిసే ఉంటుంది. "బాబూ, ఆ రెండో కాలమ్‌లో మా బావమరిది పేరు తేడాగా ఉంది, కొంచెం చూడు" అని ఒక వాయిస్ మెసేజ్. ఏ బావమరిది, ఏ తేడా, అది మనమే కనిపెట్టాలి. అందుకే ఈ ఉత్తరాన్ని దాచుకున్నాను. ఇది దాదాపు మన క్లాసులో చెప్పే చేంజ్ రిక్వెస్ట్. ఆయనకి ఆ మాట తెలీదు, అంతే.

ముందు ఆ బొమ్మ సంగతి. అసలు డిజైన్ చేసింది వేరే షాపు. అక్కడ చేసినతను మానేసి వెళ్ళిపోయాడట, ఫైల్ దొరకలేదు. కమిటీ దగ్గర మిగిలింది వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన ఒక జేపెగ్. 1280 × 960 పిక్సెళ్ళు. బోర్డు సైజు 8 అడుగులు × 6 అడుగులు. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు. 1280ని 96తో భాగిస్తే అంగుళానికి 13 పిక్సెళ్ళు వస్తాయి. ఫ్లెక్సీకి మేం మామూలుగా అంగుళానికి 72 పెడతాం. అంటే ఐదో వంతు కూడా లేదు.

"నాలుగు పేర్లే కదా, దాని మీదే దిద్దేయ్" అన్నాడు మా అన్నయ్య. దిద్దొచ్చు. బ్యాక్‌గ్రౌండ్ రంగు ముక్క ఒకటి కాపీ చేసి పాత పేరు మీద కప్పి, పైన కొత్త పేరు టైపు చేస్తే సరి. వేరే బోర్డయితే అదే చేసేవాణ్ణి. కానీ పాత అక్షరాల అంచులు మసకగా ఉంటాయి, కొత్తవి కత్తిలా ఉంటాయి, ఫాంటు కూడా కలవదు. అరవై నాలుగు వరుసల్లో నాలుగు మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దాతల బోర్డు మీద దిద్దిన వరుస కనిపించిందంటే, ఎందుకు దిద్దారు, ఎవరి పేరు తీశారు అని గుడి అరుగు మీద నెల రోజులు మాట్లాడుకోవడానికి సరిపోతుంది. పైగా ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: "నవమికి ఫ్లెక్సీ కడతాం. ఆ తర్వాత ఇదే బొమ్మని నల్లరాయి మీద చెక్కిస్తాం." రాయి మీదకి వెళ్ళేది జేపెగ్‌గా ఉంటే కుదరదు. అందుకని మొత్తం మళ్ళీ టైపు చేద్దామని తేల్చుకున్నాను.

పేర్ల పట్టిక టైపు చేసినది ఉందన్నారు. తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. అను ఫాంట్లలో చేసిన పట్టిక అది. ఆ ఫాంట్లు యూనికోడ్ రాకముందు పద్ధతివి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చుతాయి. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే చెత్త. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తులు, గుణింతాల దగ్గర అప్పుడప్పుడు జారతాయి. వ్యాసానికయితే చూసి సరిచేసుకోవచ్చు. పేరుకి అలా కుదరదు. తప్పు పేరు కూడా పేరులాగే ఉంటుంది కాబట్టి కళ్ళు పట్టుకోవు. అందుకని జిరాక్సులు ముందు పెట్టుకుని చేత్తో కొట్టాను.

ఇప్పుడు ఆ నాలుగు మార్పులు.

ఏడో వరుస. పాతది "వెంకట్‌రావు", కొత్తది "వెంకట్రావు". తేడా ఏంటని మా అన్నయ్య రెండుసార్లు అడిగాడు. కాగితం మీద మాస్టారి చేతిరాతలో మాత్రం స్పష్టంగా ఉంది, ట కింద రావత్తు. కంప్యూటర్‌కి ఆ తేడా కంటికి కనపడని ఒక అక్షరం:

```
ట  ్  ర  ా          →  ట్రా
ట  ్  U+200C  ర  ా  →  ట్‌రా
```

ఆ U+200C వెడల్పు సున్నా. పక్క అక్షరాలు కలవకుండా ఆపడమే దాని పని. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే అది కావాలి. ఈయన పేరుకి వద్దు. చూడ్డానికి చిన్నది గానీ, ఎక్సెల్ పట్టికలో ఒకలా, బోర్డు మీద ఇంకోలా ఉంటే వెతికినప్పుడు ఆ పేరు దొరకదు. లక్షా నూటపదహారు ఇచ్చిన మనిషి లిస్టులో లేడని ఒకరోజు కమిటీలో గొడవ కూడా అయిందట.

పంతొమ్మిదో వరుస చదివి మొదట నవ్వొచ్చింది. చనిపోయిన తండ్రి జ్ఞాపకార్థం కొడుకు ఇరవై అయిదు వేల నూటపదహారు ఇచ్చాడు. రసీదు మీద "కీ.శే." అని, తండ్రి పేరు, జ్ఞాపకార్థం, ఆ తర్వాత కొడుకు పేరు ఉన్నాయి. వరుసలో పట్టలేదని పాత డిజైన్‌లో మధ్య ముక్క తీసేశారు. మిగిలింది కీ.శే., కొడుకు పేరు. బతికున్న మనిషికి ముందు కీర్తిశేషులు. మాస్టారు రాశారు: "ఆయన నవ్వేశాడు. వాళ్ళావిడ మాత్రం ఆ రోజు అన్నం తినలేదు." ఇంక నాకు నవ్వు రాలేదు. ఈ వరుసని రెండు లైన్లు చేశాను. పైన పోయినవాళ్ళు, కింద ఉన్నవాళ్ళు. లైను ఎక్కడ విరగాలో సాఫ్ట్‌వేర్‌కి వదిలెయ్యకుండా నేనే విరిచాను.

ముప్ఫై మూడు. ఈ దాత పేరు వద్దన్నాడు, కమిటీ మర్చిపోయి వేసేసింది. నేనయితే వరుస మొత్తం తీసేసేవాణ్ణి. ఉత్తరం అలా చెప్పలేదు. "వరుస తియ్యకు. పేరు తీసి 'పేరు వద్దన్న భక్తుడు' అని పెట్టు. వరుస తీసేస్తే కింద మొత్తం నగదు పుస్తకంతో కలవదు. ఇంకోటి, ముప్ఫై మూడు పోతే నేను కింద రాసిన నలభై ఒకటి నలభై అయిపోతుంది, నువ్వు వేరేవాళ్ళ పేరు మారుస్తావు." లూప్ నడుస్తుండగా లిస్టులోంచి ఎలిమెంట్ తీసేస్తే ఏమవుతుందో ఫస్టియర్ ల్యాబ్‌లో మనం పడ్డ పాట్లన్నీ ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి. ఆయన ప్రతి మార్పుకీ రసీదు నంబరు ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది. వరుస నంబరు మారుతుంది, రసీదు నంబరు మారదు.

ఇక నలభై ఒకటి. ఉత్తరంలో రెండో పేజీ మొత్తం దీనికే.

పాత బొమ్మలో ఒకతని పేరు, ఎదురుగా 10,116. దీని వెనక రసీదులు ఒకటి కాదు, అయిదు. మొదటి నాలుగు అతని తల్లి పేరు మీద, ఒక్కోటి రెండు వేలు. అయిదోది కొడుకు పేరు మీద, 2,116. తల్లి అడ్డాకుల విస్తళ్ళు కుట్టి అమ్ముతుంది. ఏడాది పైగా కూడబెట్టి నాలుగుసార్లు తెచ్చిచ్చింది. చివరి వాయిదా కొడుకు విశాఖపట్నం నుంచి వచ్చినప్పుడు తనే కట్టాడు, తన డబ్బుతోనే. పట్టిక రాసినవాళ్ళు మొత్తం కూడి, చివరి రసీదు మీద ఏ పేరుంటే ఆ పేరు వేశారు. ఎవరూ దురుద్దేశంతో చెయ్యలేదు. కూడిక సరిగ్గానే ఉంది, పేరే ఒకటి పోయింది.

మాస్టారు రాసింది ఇది: "విడగొట్టి రాస్తే ఆమె ఎనిమిది వేలతో కిందకి పోతుంది. కొడుకు బోర్డు మీదే ఉండడు. అయిదు వేల నూటపదహారుకి తక్కువ ఇచ్చినవాళ్ళని 'ఇతర భక్తులు' అని అడుగున ఒకే లైనులో కలిపేశాం కదా. ఇద్దరిదీ ఒకే మొక్కుబడి, మొదటి రసీదు మీదే 'పదివేల నూటపదహారు వాయిదాల్లో' అని రాసి ఉంది. కాబట్టి ఒకే వరుస, తల్లి పేరు ముందు, కొడుకు పేరు తర్వాత. ఆమెకి ముందు శ్రీమతి అని ఉంచాలా, భర్త లేడు కదా అని కమిటీలో ఒకాయన అడిగాడు. రసీదు మీద ఉంది. ఉంచు."

ఆ చివరి రెండు చిన్న వాక్యాలు నాకు చాలా నచ్చాయి. వాదన పెట్టుకోలేదు. రసీదు మీద ఉంది. ఉంచు.

బుధవారం రాత్రి హాస్టల్లో ఉండగా కొడుకు ఫోన్ చేశాడు. నంబరు షాపులో తీసుకున్నాడట. గొంతులో కోపం లేదు, ఇబ్బంది ఉంది.

"తమ్ముడూ, ఆ పాత బొమ్మ నేను మా సైట్‌లో అందరికీ చూపించాను. స్టేటస్ కూడా పెట్టాను. ఇప్పుడు పేరు వెనక్కి పోతే ఏం బాగుంటుంది? అమ్మకి చదువు రాదు. బోర్డు మీద ఏముందో ఆవిడ చూసేదీ లేదు."

"అన్నా, పేర్లు నేను పెట్టేవి కాదు. కమిటీ రాసిచ్చినట్టు వేస్తాను. మీరు మాస్టారితో మాట్లాడండి, ఆయన కాగితం మీద ఏం రాసి పంపితే అది చేస్తాను."

"ఒక్క పేరే కదా."

"ఒక్క పేరే అన్నా. అందుకే నా చేతిలో లేదు."

అతన్ని చెడ్డవాడని రాయడం నాకు తేలిక. కానీ తల్లి ఇంటికి రేకులు వేయించింది అతనే, ఆ చివరి 2,116 లేకపోతే వరుసే లేదు. అందరికీ చూపించుకున్న పేరు వెనక్కి జరగడమంటే ఎవరికైనా మింగుడు పడదు. అయినా "చదువు రాదు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. చదువు రానివాళ్ళకే కదా పేరు సరిగ్గా ఉందో లేదో ఇంకొకరు చూడాలి.

ఆదివారానికి ఇంకో కాగితం వచ్చింది. మాస్టారు ఈసారి తల్లి దగ్గరకే వెళ్ళారు. "ముందే అడగాల్సింది. రసీదులు చూశాను గానీ మనిషిని చూళ్ళేదు" అని రాశారు. ఆమె తన పేరు ముందుండాలా, కొడుకు పేరు ముందుండాలా అన్న తగాదాలోకే రాలేదట. "ఆయన పేరు లేకుండా మా ఇద్దరి పేర్లేటి?" అందట. ఆయనంటే భర్త, పోయి చాలా ఏళ్ళయింది. మరి రసీదు మీద భర్త పేరు లేదు కదా? దానికీ మాస్టారి దగ్గర లెక్క ఉంది. డబ్బు ఎవరిదన్నది రసీదు చెప్పాలి, ఎవరి జ్ఞాపకార్థమన్నది ఇచ్చినవాళ్ళు చెప్పాలి. జ్ఞాపకార్థం ఎవరు అడిగినా వేస్తున్నాం, ఈమెకీ వెయ్యాలి. కాగితం అడుగున ఆమె వేలిముద్ర, దాని పక్కన కొడుకు సంతకం.

కొత్త నలభై ఒకటో వరుసలో ఇప్పుడు మూడు పేర్లు. పంతొమ్మిదిలో వచ్చిన చిక్కే మళ్ళీ ఇక్కడా వచ్చింది. పైగా ఈసారి కీ.శే. పొరపాటున లైను చివర తెగి కిందకి దిగితే నేరుగా ఆమె పేరు ముందుకొచ్చి కూర్చుంటుంది. పై లైనులో కీ.శే. భర్త పేరు, గారి జ్ఞాపకార్థం. కింది లైనులో శ్రీమతి తల్లి పేరు గారు, కుమారుడు, కొడుకు పేరు. పై లైను అక్షరాలు కాస్త చిన్నవి చేశాను, కింది లైను మాత్రం బోర్డులో అందరిదీ ఎంతో అంతే. అక్షరం సైజు తగ్గిస్తే దాత స్థాయి తగ్గించినట్టే చూస్తారు జనం. అది మాస్టారు చెప్పలేదు, షాపులో కూర్చుంటే తెలుస్తుంది.

రాయి చెక్కేవాళ్ళ దగ్గరకి ముందుగానే వెళ్ళి అడిగి రావడం మంచిదైంది. నేను ఉలితో చెక్కుతారనుకున్నాను. ఇప్పుడు స్టిక్కరు మీద అక్షరాల ఆకారం కోసి, పాలిష్ చేసిన రాయికి అంటించి, తెరిచి ఉన్నచోట గాలితో ఇసుక కొడతారు. అక్షరం ఉన్న మేర రాయి గుంట పడుతుంది, అందులో రంగు నింపుతారు. ఇందులో తెలుగుకో చిక్కుంది. "థ" లోపల చుక్క ఉంటుంది కదా, ఆ చుక్కకీ చుట్టూ ఉన్న గీతకీ మధ్య మిగిలేది సన్నటి స్టిక్కరు ముక్క. అక్షరం మరీ చిన్నదయితే ఇసుక తాకిడికి ఆ ముక్క ఊడిపోయి, మధ్యంతా ఒకే గుంట అవుతుంది. మా పట్టికలో ఇద్దరు పార్థసారథులు ఉన్నారు. ఆ పేరుని "పార్ధసారధి" అని రాసేవాళ్ళు ఇప్పటికే సగం మంది, ఇక రాయి కూడా అలా చెప్తే ఆపేవాళ్ళు ఉండరు. అందుకని బాగా లావు ఫాంటు మానేసి మధ్యరకం తీసుకున్నాను. అరవై నాలుగులో రెండు పేర్లు స్టిక్కరు మీద కోయించి, చూసి, అప్పుడు సైజు ఖాయం చేశాం.

చివరికి ఫైళ్ళు మూడు తయారయ్యాయి. రాయివాళ్ళకి కోరెల్ డ్రాలో Ctrl+Q కొట్టి అక్షరాలన్నీ గీతలుగా మార్చింది ఒకటి. వాళ్ళ కంప్యూటర్లో మన ఫాంటు లేకపోయినా వత్తులు చెదరవు. కానీ అలా మార్చాక అది ఇక పేరు కాదు, ఉత్త ఆకారం, దిద్దడానికి కుదరదు. అందుకని మార్చకముందు ఫైలు ఒకటి విడిగా ఉంచి, పెన్‌డ్రైవ్‌లో కమిటీకే ఇచ్చేశాను. ఈసారి డిజైనర్ వెళ్ళిపోయినా ఫైలు వెళ్ళదు. మూడోది ఏత్రీ కాగితం మీద ప్రూఫు. ప్రతి వరుస పక్కన రసీదు నంబరు, సంతకానికి చోటు. బోర్డు మీద రాని ఆ నంబర్లు ప్రూఫు మీద మాత్రం ఉన్నాయి. మాస్టారు దాన్ని మడిచి పాత పోస్టల్ సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. పైఊళ్ళలో ఉన్నవాళ్ళకి వాళ్ళ వరుస మాత్రం ఫోటో తీసి పంపారు. పేరు వద్దన్న భక్తుడి చోట కూడా సంతకం ఉంది, కానీ దాని మీద తెల్లకాగితం అంటించి నాకు పంపారు.

ప్రూఫుతో పాటు వచ్చిన చీటీ ఇది:

"బాబుకి ఆశీస్సులు. అరవై నాలుగూ సరిపోయాయి. 41 ఆమెకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. తన పేరు పక్కన ఆ 'గారు' తీసెయ్యమంటోంది, ఊళ్ళో తనని అలా ఎవరూ పిలవరట, ఉత్తినే చోటు దండగట. ఆమే చెప్పినా తియ్యకు. పేరు వేసినవాళ్ళందరికీ ఉంది."